తిరిగే బంతిలో ఆర్కిమెడిస్

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్ చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా చెప్పే జవాబు ఒకటుంది. గుల్ల గోళం పైన విద్యుదావేశం అంతటా సమంగా పరిచి ఉంటే లోపల విద్యుత్ క్షేత్రం ఎంత? సున్నా. బయట ఎంత? ఆవేశమంతా నడిమధ్య ఒక్క బిందువులో కుప్పపోసినట్టు అనుకుని లెక్క కట్టుకోవచ్చు. రెండు మార్కుల ప్రశ్న, రెండు ముక్కల్లో జవాబు.

ఇప్పుడు ఆ గోళాన్ని బొంగరంలా తిప్పండి. ఆవేశం కదిలితే అది కరెంటే, కరెంటు ఉన్నచోట అయస్కాంత క్షేత్రం ఉంటుంది. మరి లోపల ఎంత ఉంటుందని అడిగితే చాలామంది పాత అలవాటు కొద్దీ మళ్లీ సున్నా అనేస్తారు. కాదు. లోపలి విద్యుత్ క్షేత్రం మునుపటిలాగే సున్నా. అయస్కాంత క్షేత్రం మాత్రం ఉంటుంది. పైగా ఆ బోలులో ఎక్కడ కొలిచినా ఒకే బలంతో, ఒకే దిక్కుకు, అంటే ఇరుసు వెంబడి నిటారుగా ఉంటుంది. నడిమధ్య ఎంతో అంచు దగ్గరా అంతే. ఇది డిగ్రీ విద్యార్థులకు పేజీన్నర సమాకలనాలతో నేర్పే ఫలితం. ఆ సమాకలనాలు చేసినవాళ్లకు జవాబు వస్తుంది గాని, అది ఎందుకు అంత శుభ్రంగా వచ్చిందో తెలియకుండానే పరీక్ష అయిపోతుంది. నాకూ అలాగే అయిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పుచ్చకాయ కోస్తున్నప్పుడు విషయం అర్థమైంది.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. వస్తువు మీద కదలకుండా అంటుకుని ఉన్న ఆవేశాన్ని ఆ వస్తువుతో సహా తిప్పితే, అది తీగలో పారే కరెంటుతో సమానమేనా? ఇవాళ మనకు ఇది ప్రశ్నలాగే కనిపించదు. 1870లలో ఇదే పెద్ద ప్రశ్న. తీగలో పారేదేమిటో ఎవరికీ తెలియదు, ఎలక్ట్రాన్ ఇంకా దొరకలేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో కొత్తగా పెడుతున్న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా ఎంపికైన హెన్రీ రౌలండ్ అనే యువకుడు యూరప్ వెళ్లి, బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్స్ ప్రయోగశాలలో 1876లో దీని సంగతి తేల్చాడు. అతను తిప్పింది గోళం కాదు, 21 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఎబొనైట్ పళ్లెం. దానికి బంగారు పూత పూసి, ఆవేశం ఎక్కించి, సెకనుకు 61 చుట్లు తిప్పాడు. పైన దారానికి వేలాడదీసిన అయస్కాంత సూది కొద్దిగా పక్కకు జరిగింది. ఆ తోపు భూమి అయస్కాంత బలంలో సుమారు 50 వేలో వంతు. ఇంత చిన్నదాన్ని అతను ఎలా పట్టుకున్నాడన్నది తర్వాత చెబుతాను. ముందు పుచ్చకాయ సంగతి.

గుండ్రటి పుచ్చకాయను ఒకే మందం ఉన్న చక్రాలుగా అడ్డంగా కోయండి. మధ్యలో వచ్చే చక్రం పెద్దది, తొడిమ దగ్గర వచ్చేది చిన్నది. ఇప్పుడు ఒక్కో చక్రం అంచున ఉన్న తొక్కను మాత్రమే ఒలిచి కొలిస్తే ఏ ముక్కకు ఎక్కువ తొక్క ఉంటుంది? మధ్య ముక్కకే అనిపిస్తుంది. కాని మధ్య ముక్క తొక్క నిటారుగా ఉంటుంది కాబట్టి పొడవు ఎక్కువైనా వెడల్పు సన్నం. తొడిమ దగ్గరి ముక్క తొక్క ఏటవాలుగా పడుకుని ఉంటుంది, చుట్టుకొలత తక్కువైనా వెడల్పు ఎక్కువ. ఒకటి తగ్గినంత మేరకు రెండోది పెరుగుతుంది. కాయ నిజంగా గోళమైతే, ముక్కలన్నీ ఒకే మందంతో ఉంటే, ప్రతి ముక్కకూ వచ్చే తొక్క వైశాల్యం అణుమాత్రం తేడా లేకుండా సమానం. ఇది సుమారు రెండువేల రెండువందల ఏళ్ల కిందట సిరక్యూస్ నగరంలో ఆర్కిమెడిస్ రుజువు చేసిన సంగతి.

మన గుల్ల గోళం మీద ఆవేశం సమంగా పరిచి ఉంది కదా. తొక్క వైశాల్యం సమానమైతే ప్రతి ముక్క అంచున ఉన్న ఆవేశమూ సమానమే. గోళం మొత్తం ఒకే వేగంతో చుట్లు తిరుగుతుంది, పై ముక్కకూ మధ్య ముక్కకూ చుట్టు పూర్తయ్యే సమయం ఒక్కటే. కరెంటు అంటే ఒక చోట నిలబడి చూస్తే సెకనుకు ఎంత ఆవేశం ముందు నుంచి దాటిపోయిందన్న లెక్క. ఆవేశం సమానం, చుట్టు సమయం సమానం, కాబట్టి ప్రతి ముక్క చుట్టూ తిరిగే కరెంటు సమానం. మధ్యరేఖ దగ్గర ఆవేశం వేగంగా పోతుంది, ధ్రువం దగ్గర నెమ్మదిగా కదులుతుంది, నిజమే. అయినా ఇరుసు పొడవున లెక్క వేస్తే ప్రతి సెంటీమీటరుకూ ఒకే కరెంటు పడుతుంది.

ఇక్కడ ఆగి ఒకసారి ఊహించుకోండి. ఇరుసు వెంబడి సమానమైన ఎడంతో, సమానమైన కరెంటుతో పేర్చిన ఉంగరాలు. దీన్ని మనం ఎక్కడో చూశాం. సాలినాయిడ్! అదే, గొట్టం చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టిన తీగచుట్ట. తేడా ఒక్కటే. సాలినాయిడ్‌లో చుట్లన్నీ ఒకే సైజు, ఇక్కడ మధ్యలో ఉబ్బి రెండు కొసలా మూసుకుపోతాయి. తిరిగే ఆవేశ గోళం అంటే గోళాకారంలో చుట్టిన సాలినాయిడ్ అన్నమాట. పొడవాటి సాలినాయిడ్ లోపల క్షేత్రం అంతటా ఒకేలా ఉంటుందని ప్లస్ టూ పిల్లలకు తెలుసు. గోళం లోపలా అలా ఉండటం ఇప్పుడు అంత వింతగా అనిపించదు.

అయితే బలం ఎంత? దీనికి గోళం కేంద్రం దగ్గర నిలబడి చూద్దాం. ఒక కరెంటు ఉంగరం దాని ఇరుసు మీద ఉన్న బిందువు దగ్గర కలిగించే క్షేత్రం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఉంగరం చుట్టేసిన చక్రం వైశాల్యం, ఎంత పెద్దదైతే అంత బలం. రెండోది ఆ బిందువు నుంచి ఉంగరం తీగ వరకు ఉన్న దూరం, దాని ఘనంతో బలం తగ్గిపోతుంది. గోళం కేంద్రం నుంచి చూస్తే ఈ రెండోదాని బెడద లేదు. ఏ ఉంగరమైనా గోళం పైనే ఉంది కాబట్టి కేంద్రం నుంచి దూరం ఎప్పుడూ వ్యాసార్థం R మాత్రమే. ఇక మిగిలింది చక్రాల వైశాల్యాలను కూడటం. ఒక్కో చక్రం వైశాల్యాన్ని దాని మందంతో గుణించి అన్నీ కూడితే వచ్చేది పుచ్చకాయ ఘనపరిమాణమే గదా!

లెక్క ఇలా తేలుతుంది. ఇరుసు వెంబడి మీటరుకు పడే కరెంటును j అందాం. కేంద్రం దగ్గరి క్షేత్రం

B = μ₀ j × (గోళం ఘనపరిమాణం) ÷ (2πR³)

ఇందులో 2πR³ అనేది ఏదో యాదృచ్ఛికంగా వచ్చిన సంఖ్య కాదు. గోళాన్ని పైనా కిందా పక్కలా తాకుతూ సరిగ్గా దానికి తొడిగిన స్తూపం ఉంటుందే, ఆ డబ్బా ఘనపరిమాణం అది. గోళానికీ దాని చుట్టూ పట్టే స్తూపానికీ మధ్య ఘనపరిమాణాల నిష్పత్తి 2 : 3 అని కనిపెట్టింది కూడా ఆర్కిమెడిసే. తన ఫలితాలన్నిటిలోకీ అతనికి అదే ఇష్టం. తన సమాధి మీద గోళం, స్తూపం బొమ్మ చెక్కమని కోరాడనీ, క్రీ.పూ. 75లో సిసిలీలో అధికారిగా ఉన్న సిసెరో ముళ్లపొదల మధ్య మరుగున పడిన ఆ సమాధిని ఆ బొమ్మను బట్టే గుర్తుపట్టాడనీ చెబుతారు.

కాబట్టి కేంద్రం దగ్గర క్షేత్రం μ₀ j లో మూడింట రెండు వంతులు. పొడవాటి సాలినాయిడ్‌లో అయితే పూర్తి μ₀ j ఉండేది. గోళం కాబట్టి మూడింట రెండు వంతులే దక్కింది. ఆవేశ సాంద్రత σ, కోణీయ వేగం ω అయితే j విలువ σωR అవుతుంది. అలా పాఠ్యపుస్తకాల్లో కనిపించే సూత్రం వస్తుంది:

B = (2/3) μ₀ σ ω R

ఈ మూడింట రెండును నేను డిగ్రీలో ఉన్నప్పుడు సైన్ ఘనాన్ని సమాకలనం చేస్తే వచ్చే ఒక అంకె అనుకుని బట్టీ పట్టాను. అది గోళానికీ డబ్బాకూ ఉన్న పాత బంధుత్వమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బట్టీ పట్టే పని తప్పేది.

ఇది కేంద్రం దగ్గరి సంగతి. మిగతా చోట్ల కూడా అంతేనని ఎలా నమ్మడం? కేంద్రం నుంచి ఇరుసు మీదుగా పైకి పోతే చిన్న ఉంగరాలకు దగ్గరవుతాం, పెద్ద ఉంగరాలకు దూరమవుతాం. ఈ లాభం ఆ నష్టంతో సరిపోతుందా? ఓపిక ఉన్నవాళ్లు ధ్రువం దగ్గరే నిలబడి ఉంగరాలన్నిటినీ కూడి చూడవచ్చు. అక్కడ ప్రతి ఉంగరానికీ దూరం వేరు, అయినా కూడిక చివర 2 నుంచి మూడింట రెండు తీసేయగా మిగిలిన దానిలో సగం, అంటే మళ్లీ మూడింట రెండే వస్తుంది. ఇరుసు మీద లేని బిందువులకు ఇలా నేరుగా కూడటం కష్టం. అక్కడ భౌతికశాస్త్రవేత్తలు ఇంకో దారి పడతారు. జవాబును ఊహించి, దాన్ని గోళం చర్మం దగ్గర నిలదీస్తారు.

ఊహ ఇది. లోపల అంతటా నిటారుగా ఒకే క్షేత్రం. బయట మాత్రం కేంద్రంలో ఒక చిన్న దండాయస్కాంతం పెడితే ఎలా ఉంటుందో అలాంటి క్షేత్రం. ఉత్తర ధ్రువం నుంచి బయటికి వెళ్లి, వంగి, మధ్యరేఖ పక్కగా కిందికి దిగి, దక్షిణ ధ్రువం నుంచి లోపలికి వచ్చేది. దీన్నే ద్విధ్రువ క్షేత్రం అంటారు. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

చర్మం దగ్గర ఈ రెండు క్షేత్రాలూ రెండు షరతులకు లోబడాలి. చర్మాన్ని దాటి పోయే భాగంలో తెగుడు ఉండకూడదు, లోపల ఎంతో బయటా అంతే. చర్మం వెంట పాకే భాగంలో మాత్రం తేడా ఉండాలి, అది ఆ చోట పారే కరెంటుకు తగ్గట్టు ఉండాలి. ధ్రువం దగ్గర చూడండి. క్షేత్రం నేరుగా చర్మాన్ని దాటి పోతోంది. లోపల μ₀ j లో మూడింట రెండు, ద్విధ్రువం బయట ఇచ్చేదీ మూడింట రెండే. తెగుడు లేదు. ధ్రువం కదలదు కాబట్టి అక్కడ కరెంటు సున్నా, పాకే భాగమూ లేదు. మధ్యరేఖ దగ్గరికి రండి. లోపల పైకి మూడింట రెండు. ద్విధ్రువం మధ్యరేఖ మీద ఇచ్చేది ధ్రువం దగ్గర ఇచ్చేదానిలో సగం, అదీ తలకిందులుగా. అంటే కిందికి మూడింట ఒకటి. పైకి రెండు, కిందికి ఒకటి, మొత్తం తేడా మూడింట మూడు, సరిగ్గా μ₀ j. మధ్యరేఖ మీద పారే కరెంటు అడిగేదీ అంతే. ధ్రువానికీ మధ్యరేఖకూ నడుమ ఏ అక్షాంశం దగ్గరైనా పాకే భాగాలు, కరెంటు రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి లెక్క ఎక్కడా చెడదు. రెండు షరతులకూ లోబడే జవాబు ఒకటే ఉంటుందని గణితం హామీ ఇస్తుంది. కాబట్టి ఊహించినదే జవాబు.

విద్యార్థులు తప్పటడుగు వేసేది సరిగ్గా ఈ మధ్యరేఖ దగ్గరే. సాలినాయిడ్ బయట క్షేత్రం దాదాపు లేదని చదువుకున్నారు కాబట్టి గోళం బయటా లేదనుకుని, మొత్తం తేడాను లోపలికే కట్టబెట్టి μ₀ j అని రాసేస్తారు. జవాబు ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు వస్తుంది. మీ కాగితం మీద అలాంటి అంకె కనిపిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. తిరుగుబాటలో ఉన్న ఆ మూడో వంతును మరిచిపోయారంతే. గుల్ల గోళానికి బదులు లోపలంతా ఆవేశం నిండిన గట్టి బంతి అయితే మాత్రం కథ మారుతుంది. అది ఉల్లిపాయలా ఒకదానిలో ఒకటిగా ఉన్న ఎన్నో గుల్లల కూడిక. లోపలి క్షేత్రం సమంగా ఉండదు, మొత్తం ఆవేశం, సైజు, వేగం అవే అయితే కేంద్రం దగ్గర గుల్లదాని కంటే ఒకటిన్నర రెట్లు బలంగా ఉండి అంచుకు పోతున్నకొద్దీ మారుతుంది.

సరే, నిజంగా ఒక బంతిని తిప్పితే ఎంత వస్తుంది? పది సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గుల్ల బంతి తీసుకుందాం, సుమారు ఫుట్‌బాల్ సైజు. దాని మీద ఇష్టమొచ్చినంత ఆవేశం ఎక్కించలేం. చర్మం దగ్గర విద్యుత్ క్షేత్రం మీటరుకు 30 లక్షల వోల్టులు దాటితే గాలి తట్టుకోలేక చిటపటమని మెరుపులు వదిలి ఆవేశాన్ని లాగేసుకుంటుంది. ఆ గీత దాకా ఎక్కిస్తే బంతి మీద ఉండేది 3.3 మైక్రోకులూంబులు, బంతి వోల్టేజి మూడు లక్షలు. అది దగ్గరికి వెళ్లి ముట్టుకునే వస్తువు కాదు. దీన్ని నిమిషానికి 3,000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిప్పుదాం. ఆవేశాన్ని 50తో గుణిస్తే బంతి చుట్టూ తిరిగే మొత్తం కరెంటు వస్తుంది, 0.17 మిల్లీయాంపియర్. స్విచ్‌బోర్డు మీద వెలిగే చిన్న ఎర్రదీపం కూడా ఇంతకంటే ఎక్కువే తాగుతుంది.

సూత్రంలో పెడితే బంతి లోపలి క్షేత్రం 0.7 నానోటెస్లా. హైదరాబాద్‌లో భూమి అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లాలకు కాస్త పైన ఉంటుంది. మన బంతి తెచ్చింది అందులో సుమారు 60 వేలో వంతు. రౌలండ్ పళ్లెం 50 వేలో వంతు దగ్గర తచ్చాడిందని చెప్పాను కదా, అదీ ఇదీ ఒక బాపతే. భూమి క్షేత్రం పగటిపూట దానంతట అదే పదుల నానోటెస్లాల మేర పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఒక మీటరు దూరంలో ఒక యాంపియర్ మోసే తీగ ఉంటే అదొక్కటే 200 నానోటెస్లాలు కలిపేస్తుంది. ఇంత గోలలో 0.7ను వినడం సంతలో చీమ నడక వినడం లాంటిది.

ఎందుకింత చిన్నది? సూత్రాన్ని ఇంకోలా తిరగరాస్తే కారణం బయటపడుతుంది. చర్మం దగ్గరి విద్యుత్ క్షేత్రం E, మధ్యరేఖ వేగం v, కాంతి వేగం c అయితే

B = (2/3) E v / c²

కాంతి వేగం వర్గం కింద కూర్చుని ఉంది. మన బంతి మధ్యరేఖ సెకనుకు 31 మీటర్లు పోతోంది, కాంతి 30 కోట్ల మీటర్లు పోతుంది. పైన ఉన్న E ఎంత పెద్దదైనా కింద ఉన్న c² దాన్ని తొక్కేస్తుంది. గాలి E కు హద్దు పెట్టింది, బంతి పగిలిపోతుందన్న భయం v కి హద్దు పెట్టింది. మామూలు తీగలో ఈ బాధ లేదు. అక్కడ ఎలక్ట్రాన్లు నత్తనడక నడుస్తాయి, అయినా ప్రతి ఎలక్ట్రాన్ పక్కనా దాని ఆవేశాన్ని తటస్థం చేసే అణుకేంద్రకం ఉంటుంది కాబట్టి ఎన్ని కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లను నడిపినా గాలికి కోపం రాదు.

ఇప్పుడు రౌలండ్ ఇంత చిన్నదాన్ని ఎలా విన్నాడో చూద్దాం. భూమి లాగుడును వదిలించుకోవడానికి అతను రెండు సూదులను ఎదురెదురు దిక్కులకు ఉండేలా ఒకే కాడకు బిగించాడు. భూమి ఒకదాన్ని ఎటు తిప్పబోతే రెండోదాన్ని దానికి వ్యతిరేకంగా తిప్పుతుంది, మొత్తం మీద చల్లబడుతుంది. పళ్లెం మాత్రం దగ్గరి సూదినే ఎక్కువగా తాకుతుంది. సూదికి అతికించిన అద్దం మీద పడే కాంతి చుక్క ఎంత జరిగిందో దుర్భిణితో చదివాడు. అయినా అనుమానం పోదు. ఆవేశమున్న వస్తువు ఏ తేలికపాటి వస్తువునైనా లాగుతుంది, సూదిని జరిపింది ఆ మామూలు విద్యుదాకర్షణ కాదని నమ్మకమేమిటి? దీనికి రౌలండ్ వాడిన పరీక్ష ఎంత సులువైనదో అంత పక్కాది. ధనావేశాన్ని ఋణావేశంగా మార్చాడు, సూది రెండో వైపుకు జరిగింది. తిరిగే దిక్కు మార్చాడు, మళ్లీ జరిగింది. మామూలు ఆకర్షణ ఆవేశం గుర్తు మారినా మారదు, తిరిగే దిక్కుతో దానికి పనే లేదు. రెంటికీ స్పందించేది అయస్కాంత క్షేత్రం ఒక్కటే.

ఇంకో చిక్కు లోహంతో వచ్చింది. బంగారు పూతలో ఆవేశం స్వేచ్ఛగా పాకగలదు. పక్కన కదలకుండా ఏదైనా పలక ఉంటే, పళ్లెం తిరుగుతున్నా ఆవేశం ఆ పలక ఎదురుగానే నిలిచిపోయి, లోహం దాని కింద నుంచి జారిపోయే అవకాశం ఉంది. అందుకే పూతను కేంద్రం నుంచి అంచు దాకా గీతలుగా గీకి ముక్కలు చేసి కూడా పరీక్షించాడు. ఆవేశం ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు దాటలేదు, పళ్లెంతో పాటు తిరగక తప్పదు. మన గోళానికీ ఇదే వర్తిస్తుంది. సూత్రం నిలవాలంటే ఆవేశం చర్మానికి అంటుకుని దానితోపాటే తిరగాలి. అందుకే పుస్తకాల్లో చాలాసార్లు బంతిని లోహంతో కాక ప్లాస్టిక్ లాంటిదానితో చేశామని అనుకోమంటారు. వేగం నిలకడగా ఉండటం కూడా షరతే. బంతిని ఇంకా వేగం పెంచుతూ ఉంటే లోపలి అయస్కాంత క్షేత్రం పెరుగుతూ ఉంటుంది, అది ఇరుసు చుట్టూ వలయాలుగా విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అప్పుడు లోపల విద్యుత్ క్షేత్రం సున్నా అన్న రెండు మార్కుల జవాబు కూడా తప్పవుతుంది.

ఇంత జాగ్రత్తపడ్డా గొడవ సద్దుమణగలేదు. 1900 ప్రాంతంలో పారిస్‌లో విక్టర్ క్రెమ్యూ ఇలాంటి ప్రయోగాలే చేసి, సూది అస్సలు కదల్లేదని ప్రకటించాడు. అదే నిజమైతే మాక్స్‌వెల్ సిద్ధాంతానికే ముప్పు. బాల్టిమోర్‌లో రౌలండ్ శిష్యుడు హెరాల్డ్ పెండర్ మళ్లీ చేసి, కదిలిందన్నాడు. రౌలండ్ 1901లో కన్నుమూశాడు. రెండు ఖండాల మధ్య రెండు జవాబులు. చివరికి 1903లో ఇద్దరూ పారిస్‌లో ఒకే గదిలో కూర్చుని, ఒకరి పరికరాన్ని ఒకరు వాడి చూశారు. తేడా క్రెమ్యూ తన పలకలకు పూసిన పలుచటి విద్యుత్ నిరోధక పొర దగ్గర దొరికింది. పొర తీసేస్తే అతని పరికరమూ రౌలండ్ మాటే చెప్పింది. శాస్త్ర వివాదాలను పత్రికల్లో ఉత్తరాలతో తేల్చుకునేవాళ్లు ఈ పద్ధతిని గమనించాలి.

ఈ లెక్కను మన కాళ్ల కింద ఉన్న గోళానికి కూడా పెట్టి చూడవచ్చు. 1879లో, జపాన్‌లో పాఠాలు చెప్పి వచ్చిన ఏర్టన్, పెర్రీ అనే ఇద్దరు బ్రిటిష్ ఆచార్యులు, భూమి ఆవేశం నిండిన గోళమనీ, అది తిరగడం వల్లే దిక్సూచి సూదిని లాగే అయస్కాంతం పుట్టిందనీ ప్రతిపాదించారు. ఆలోచన వెర్రిది కాదు. భూమి పైపొరకు నిజంగానే ఋణావేశం ఉంది, మబ్బుల్లేని రోజున నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టుల క్షేత్రం ఉంటుంది. భూమంతటికీ లెక్క వేస్తే అది నాలుగున్నర లక్షల కులూంబులు. ఋణావేశం తూర్పుకు తిరిగితే కరెంటు పడమరకు పారినట్టు. కుడిచేతి వేళ్లను పడమరకు ముడిస్తే బొటనవేలు దక్షిణం చూపిస్తుంది. భూమి లోపలి దండాయస్కాంతం ఉత్తర ధ్రువం ఉన్నదీ భౌగోళిక దక్షిణం వైపే. దిక్కు కుదిరింది!

బలం దగ్గర కుదరలేదు. భూమధ్యరేఖ సెకనుకు 465 మీటర్ల వేగంతో పోతోంది. పైన రాసిన సూత్రంలో 100 వోల్టులు, 465 మీటర్లు పెడితే భూమి ధ్రువాల దగ్గర రావాల్సిన క్షేత్రం 0.00035 నానోటెస్లా. నిజంగా అక్కడ ఉన్నది సుమారు 60 మైక్రోటెస్లాలు, అంటే 17 కోట్ల రెట్లు ఎక్కువ. ఆ లోటు భర్తీ కావాలంటే నేల దగ్గర విద్యుత్ క్షేత్రం మీటరుకు 1,700 కోట్ల వోల్టులు దాటాలి. గాలి 30 లక్షల దగ్గరే చేతులెత్తేస్తుందని చూశాం. అదీ గాక నేల మీది ఋణావేశానికి దాదాపు సరిపడే ధనావేశం పైన గాలిలో ఉంది, అదీ భూమితో పాటే తిరుగుతూ ఉన్న కాస్త క్షేత్రాన్నీ చెరిపేస్తుంది. ఏర్టన్, పెర్రీల ప్రతిపాదన అచ్చయిన ఏడాదే దానికి లెక్క కట్టి, ఆ లెక్క కుదరదని తేల్చినవాడు మరెవరో కాదు, బెర్లిన్‌లో పళ్లెం తిప్పిన రౌలండే.